1 ఎందుకు కలుస్తుంది? విచక్షణితో మూడు గంటలుగా తలనొప్పి

సున్నా_మార్కులు: విచక్షణి 4(k−1)(k−4) వచ్చింది. అన్ని వాస్తవ x విలువలకీ ధనాత్మకం కావాలి కాబట్టి అది సున్నా కంటే తక్కువ ఉండాలి, అంటే 1 < k < 4. వెనక జవాబు మాత్రం 1 ≤ k < 4. అచ్చుతప్పేనా? మూడుసార్లు మొదటినుంచి చేశాను.

క్లుప్తంగా: సమాసం ఏది?

సున్నా_మార్కులు: అయ్యో, రాయలేదా? (k−1)x² + 2(k−1)x + 3. "ఈ సమాసం ఎప్పుడూ ధనాత్మకమయ్యే k విలువలు కనుక్కోండి."

క్లుప్తంగా: k = 1 పెట్టి చూడు.

రాత్రి_చదువు: విచక్షణి సున్నా అయినా పర్వాలేదు కదా, అందుకే 1 కలిసింది.

వర్గపూర్తి: అలా అయితే 4 కూడా కలవాలి. k = 4 అయితే 3x² + 6x + 3, అంటే 3(x+1)². x = −1 దగ్గర సున్నా అయిపోతుంది, ధనాత్మకం కాదు. k = 1 సంగతి వేరు. x² పదం, x పదం రెండూ ఎగిరిపోయి 3 ఒక్కటే మిగులుతుంది. వర్గమే లేనిచోట విచక్షణిని అడిగితే ఏం చెబుతుంది? అసలు దీనికి విచక్షణి ఎందుకండీ, నేనెప్పటినుంచో మొత్తుకుంటున్నాను. వర్గాన్ని పూర్తి చేయండి: (k−1)(x+1)² + (4−k). k > 1 అయితే కనిష్ఠ విలువ 4−k, అది ధనాత్మకమవ్వాలంటే k < 4. k = 1 అయితే 3. k అంతకన్నా తక్కువైతే x పెరిగేకొద్దీ విలువ రుణాత్మకంలోకి పడిపోతుంది. అయిపోయింది.

రాత్రి_చదువు: సరే, నా మాట తప్పే. నాకు kx² + 4x + k లో ఇలాగే దెబ్బ తగిలింది. 16 − 4k² < 0 అని k < −2, k > 2 రెండూ రాసేశాను, మార్కులు పోయాయి.

వర్గపూర్తి: k = −3 పెట్టి, x = 0 దగ్గర చూడండి, విలువ −3. విచక్షణి రుణాత్మకమైతే వక్రం x అక్షాన్ని తాకదు, అంతే. పైన ఉందో కింద ఉందో చెప్పేది x² గుణకం. అందులో k = 0 కూడా విడిగా చూడాల్సిందే. 4x మిగులుతుంది కాబట్టి అది పనికిరాదు.

పదనిష్ఠ: k = 1 అయితే అది వర్గ సమాసమే కాదు. 1 < k < 4 అన్నదే సరి.

క్లుప్తంగా: ప్రశ్నలో "వర్గ" అన్న మాట లేదు.

పదనిష్ఠ: పాఠం పేరే వర్గ సమాసాలు! ఆ మాత్రం అర్థం చేసుకోవాలి.

వర్గపూర్తి: పాఠం పేరు చూసి జవాబు మారుస్తారా? అడిగింది "సమాసం" అని.

పదనిష్ఠ: పరీక్ష దిద్దేవాళ్లకి చెప్పండి ఆ మాట.

సున్నా_మార్కులు: k = 1 పెట్టాను, 3 వచ్చింది. ఇంతసేపు ఆ ఒక్కటే చూడలేదు. థాంక్స్, పడుకుంటున్నా.

పదనిష్ఠ: "వర్గ" అని ఉందో లేదో ఫొటో పెట్టి పడుకోండి.