బడ్జెట్ ముందు రోజు స్ట్రాడిల్: 507 పాయింట్లు పెట్టి కొంటున్నది ఎంత కదలిక?

నెల్లూరు_కొత్తట్రేడర్:
నిఫ్టీ 25,000 దగ్గర ఉందనుకోండి. రేపు బడ్జెట్. రేపటితో కలిపి ఎక్స్‌పైరీకి ఐదు సెషన్లున్నాయి. పెరిగితే లాభమిచ్చే 25,000 కాల్, పడితే లాభమిచ్చే 25,000 పుట్, రెండూ కలిపి కొనే స్ట్రాడిల్ 507. అంటే 25,507 దాటినా లాభమే, 24,493 కిందికి పోయినా లాభమే. బడ్జెట్ రోజు రెండు శాతం కదలదా ఏంటి? మా రూమ్మేటేమో ఐవీ, అంటే ఆప్షన్ ధరలో కలిపేసిన కదలిక అంచనా, 18 ఉంది, జోలికి పోవద్దంటున్నాడు. 24,600 పుట్, 25,400 కాల్ పెట్టి స్ట్రాంగిల్ చేస్తే 203కే వస్తోంది, అది బెటరా?

బెజవాడ_బుల్:
మీ రూమ్మేట్ చెప్పింది కరెక్టే. నాది ఒకటే రూల్. నిఫ్టీ ఆప్షన్ల ధరల నుంచి లెక్కగట్టే భయం సూచీ ఇండియా విక్స్ 20 దాటిందా, స్ట్రాడిల్ కొనను. 15 లోపుందా, కళ్లు మూసుకుని కొంటా. 2019 ఎన్నికల ఫలితాల రోజు చూశాం కదా. మే 23న నిఫ్టీ మొదటిసారి 12,000 దాటింది, టీవీల్లో పండగ. ముగింపు మాత్రం 11,657, అంతకు ముందు రోజుకంటే 81 పాయింట్లు తక్కువ. విక్స్ ఒక్క రోజులో కుప్పకూలింది. స్ట్రాడిల్ కొని సాయంత్రం దాకా పట్టుకున్నవాళ్లు నెత్తిన గుడ్డేసుకున్నారు.

లెక్కల_మాస్టారు:
బుల్ గారూ, 2019 విషయం నిజమే. కానీ మీ రూల్‌ని 2024లో పెట్టి చూడండి. జూన్ 3న, ఎగ్జిట్ పోల్స్ ఊపులో నిఫ్టీ 23,264 దగ్గర ముగిసిన రోజు, విక్స్ 21 దగ్గరుంది. మీ రూల్ ప్రకారం కొనకూడదు. మర్నాడు సూచీ 1,379 పాయింట్లు పడి 21,884కి వచ్చింది. పైగా ఫలితం వచ్చాక చల్లబడాల్సిన విక్స్ ఆ రోజు పెరిగి 26 దాటి ముగిసింది. ప్రభుత్వం ఎవరిదో తేలక, ఈవెంట్ అయిపోయినా అనిశ్చితి అయిపోలేదు.

విక్స్‌తో ఇంకో చిక్కు, అది 30 రోజుల లెక్క. మీరు కొనేది ఐదు సెషన్ల ఆప్షను. నెలలో ఒక్క రోజు భూకంపం, మిగతా రోజులు ప్రశాంతం అని మార్కెట్ అనుకుంటే, ఆ ఒక్క రోజు విక్స్‌లో పలచబడిపోతుంది. వారం ఆప్షన్‌లో మాత్రం చిక్కగా ఉంటుంది. అందుకే విక్స్ 14 ఉన్న రోజు కూడా వారం స్ట్రాడిల్ మండిపోతూ ఉండొచ్చు.

ఇక నెల్లూరు బాబు లెక్క. 25,507 అనేది ఎక్స్‌పైరీ రోజు బ్రేక్‌ఈవెన్. మీరు బడ్జెట్ కోసం కొంటున్నారు, రేపే అమ్మేస్తారు. కాబట్టి రేపటి బ్రేక్‌ఈవెన్ కావాలి. ముందు ఒకటి చూడండి. మామూలు వారంలో నాలుగు సెషన్లు మిగిలినప్పుడు ఈ స్ట్రాడిల్ ఎంత ఉంటుంది? మామూలు ఐవీ 12 అనుకుంటే సుమారు 302. అంటే బడ్జెట్‌కి సూచీ కదలకపోతే రేపు మీ చేతిలో ఉండేది 302. ఒక్క రాత్రికి 205 ఆవిరి.

మరి బడ్జెట్ అనే ఆ ఒక్క రోజుకి మార్కెట్ వేసిన ధర ఎంత? 205 కాదు. ఇలాంటివి నేరుగా తీసేయకూడదు, వర్గాలు చేసి తీసేయాలి.

```
sqrt(507² − 302²) = 407
```

407 పాయింట్లు, అంటే 1.63 శాతం. బడ్జెట్ రోజు సూచీ ఎటో ఒకవైపు సగటున అంత కదులుతుందని అమ్మేవాడు మీకు అమ్ముతున్నాడు. మీ అసలు ప్రశ్న ఇక్కడుంది: సగటు కదలిక 407 కంటే ఎక్కువని నమ్మడానికి మీ దగ్గర కారణమేంటి?

పుట్‌కాల్_పద్మ:
మాస్టారూ, అయితే రేపు ఎంత కదిలితే డబ్బులు వెనక్కొస్తాయి? 407 కదిలితే చాలా?

లెక్కల_మాస్టారు:
చాలదమ్మా. 400 కదిలి ఐవీ 12కి దిగితే స్ట్రాడిల్ 456 దగ్గరుంటుంది, ఇంకా నష్టమే. 470 దాకా కదిలితే పెట్టిన 507 చేతికొస్తుంది. 507 కదలనక్కర్లేదు, ఎందుకంటే మిగిలిన నాలుగు సెషన్లకీ ఇంకా కొంత విలువుంటుంది. ఎక్స్‌పైరీ దాకా కూర్చుంటేనే 507.

407 సగటు, 470 బ్రేక్‌ఈవెన్. ఈ తేడా చాలామందికి మింగుడుపడదు. ధర న్యాయంగా ఉన్నా సరే మూడుసార్లలో దాదాపు రెండుసార్లు మీరు ఓడతారు. గెలిచిన ఆ ఒక్కసారి వచ్చే పెద్ద లాభం ఆ రెండింటినీ పూడ్చాలి. రెండుసార్లు ఓడి మానేసేవాడు ఈ ఆట మొదలుపెట్టకపోవడమే మేలు.

కరీంనగర్_తీటా:
నేను చెప్పేదేందంటే, అమ్మేటోళ్లకు మార్జిన్ శానా పడ్తది. ఈవెంట్ రోజు ఇంకా పెంచుతరు. చూసుకొని అమ్మున్రి.

నెల్లూరు_కొత్తట్రేడర్:
అన్నా, నేను అమ్మడం గురించి కాదు, కొనడం గురించి అడిగా 🙂

కరీంనగర్_తీటా:
అరె, నిజమే. సరే, కొనేటోళ్లకు ఒక ముచ్చట. ముందు రోజు కొంటే పిరమవుతది కదా, పది రోజుల ముందే సస్తాగ కొని, ఐవీ పెరిగినంక బడ్జెట్‌కు ముందే అమ్మేస్తే? నేను రెండుసార్లు చేసిన. ఐవీ పెరిగింది, పైసలు మాత్రం పెరగలె. ఎందుకో సమజ్ కాలె.

లెక్కల_మాస్టారు:
తీటా భాయ్, మీ అనుభవం లెక్కకి సరిగ్గా సరిపోతుంది. ఇదే ఆప్షన్‌కి పది సెషన్లున్నప్పుడు చూస్తే ఐవీ 15 చిల్లర, స్ట్రాడిల్ 610 దగ్గర. ముందు రోజుకి ఐవీ 18కి పెరిగింది, స్ట్రాడిల్ మాత్రం 507కి తగ్గింది. బడ్జెట్‌కి వేసిన ధర మారలేదు. చుట్టూ ఉన్న మామూలు రోజులు రాలిపోయాయి, అందుకే ఐవీ పెరిగినట్టు కనిపించింది. తెరమీద అంకె పెరిగింది, జేబులోంచి 100 పోయింది. ఆ పది రోజుల్లో సూచీ బాగా కదిలి, మీరు లాభం తీసుకుంటేనే గట్టెక్కుతారు.

బెజవాడ_బుల్:
ఇది ఒప్పుకోను మాస్టారూ. 2024 ఏప్రిల్ ఆఖర్లో విక్స్ 10 దగ్గరుంది, మే ఆఖరుకి 24 దాటింది. అది రోజులు రాలిపోవడం వల్ల వచ్చింది కాదు. ఈవెంట్ ధరే పెరిగింది. ఏప్రిల్‌లో జూన్ ఆప్షన్లు కొన్నవాడు బాగుపడ్డాడు.

లెక్కల_మాస్టారు:
ఒప్పుకుంటా. ఈవెంట్ ధర మారనంతవరకే నా లెక్క. సీట్ల మీద జనం నమ్మకం సడలడం అక్కడ కలిసొచ్చింది. ప్రతి బడ్జెట్‌కీ అలా జరగదు.

పుట్‌కాల్_పద్మ:
స్ట్రాంగిల్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు, నా గాయం నేనే చూపిస్తా. ఒక ఐటీ కంపెనీ రిజల్ట్స్ ముందు షేరు 1,500 ఉన్నప్పుడు 1,440 పుట్, 1,560 కాల్ కొన్నా. రెండూ కలిపి 54. ఎక్స్‌పైరీకి 13 సెషన్లు. మర్నాడు షేరు నాలుగు శాతం పెరిగి సరిగ్గా 1,560కి వచ్చింది. మా ఆయనకి ఫోన్ చేసి గెలిచామని కూడా చెప్పా! స్క్రీన్ చూస్తే కాల్ 33, పుట్ రెండు రూపాయల చిల్లర. ఐవీ 38 నుంచి 24కి దిగిపోయింది. 54 పెట్టి 36 తెచ్చుకున్నా. అమ్మబోతే కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య రెండు రూపాయల తేడా, అదీ పోయింది. నాలుగు శాతం పెరిగిన రోజు నష్టమేంటని ఇప్పటికీ ఇంట్లో అడుగుతారు.

లెక్కల_మాస్టారు:
పద్మగారి కేసులోంచే నెల్లూరు బాబు 203 స్ట్రాంగిల్ అర్థమవుతుంది. బడ్జెట్‌కి సూచీ కదలకపోతే 203 కాస్తా 56 అవుతుంది. పాయింట్లలో పోయింది 147, స్ట్రాడిల్‌లో పోయేది 205. తక్కువే అనిపిస్తుంది. కానీ శాతంలో చూస్తే అక్కడ 40, ఇక్కడ 72. చవగ్గా ఉందని ఒక స్ట్రాడిల్ డబ్బుతో రెండున్నర స్ట్రాంగిళ్లు కొనేవాడు నిజానికి పందెం పెంచుకుంటున్నాడు. రేపటి బ్రేక్‌ఈవెన్ కూడా దూరమే, 495 దాకా కదలాలి. అసలు మార్కెట్‌లో కింది పుట్లకి ఐవీ ఎక్కువుంటుంది, కాబట్టి పుట్ ఇంకాస్త ఖరీదు.

షేర్ల ఆప్షన్లలో ఇంకో సంగతి. ఎక్స్‌పైరీ దాకా ఉంచేసి, ఆప్షన్‌కి అప్పటికి విలువ మిగిలుంటే షేర్లు డెలివరీ తీసుకోవాలి, లేదా ఇవ్వాలి. ఈవెంట్ కోసం కొన్నవాళ్లు అక్కడిదాకా పోకండి.

నెల్లూరు_కొత్తట్రేడర్:
గెలిస్తే ఎప్పుడు అమ్మాలి సార్? కదిలిన వైపు ఉంచేసి రెండోది అమ్మమని యూట్యూబ్‌లో చెప్తున్నారు.

లెక్కల_మాస్టారు:
2024 వారమే చూడండి. జూన్ 3 సాయంత్రం 23,250 స్ట్రాడిల్ కొన్నవాడికి జూన్ 4 ముగింపుకి 1,366 పాయింట్ల దూరం దొరికింది. జూన్ 5కి నిఫ్టీ 22,620. జూన్ 6 ఎక్స్‌పైరీ రోజు 22,821. అదే స్ట్రాడిల్‌ని చివరిదాకా మోసినవాడికి మిగిలింది 429. ఇంకో రకంగా, అంతకు ముందు శుక్రవారం, మే 31న, 22,550 దగ్గర కొన్నవాడు సోమవారం 700 పైకి, మంగళవారం 660 కిందికి చూసి, ఎక్స్‌పైరీకి 271తో దిగాడు. ఈవెంట్ కోసం కొన్నది ఈవెంట్‌తోనే అమ్మాలన్నది నా అలవాటు. రెండో కాలు అమ్మేసి ఒకటి ఉంచుకోవడం తప్పనను. కానీ అది వేరే పందెం, ఇక మీరు దిశ మీద ఆడుతున్నారు.

కరీంనగర్_తీటా:
ఇది నేను ఒప్ప. జూన్ 4 పొద్దుగాల్నే లాభం చూసి అమ్మేసినోళ్లు మధ్యాహ్నం దాకా ఏడ్చిన్రు. ఒక లాట్ అమ్మి ఒకటి ఉంచుకోవాలె.

నెల్లూరు_కొత్తట్రేడర్:
సరే, మరి ఎంతకొస్తే కొనొచ్చు?

లెక్కల_మాస్టారు:
బడ్జెట్ రోజు ముగింపు కదలికలు తీసుకుందాం. 2020లో 2.5 శాతం కిందికి. 2021లో 4.7 పైకి. 2022లో 1.4 పైకి. 2023లో పావు శాతం. 2024 ఫిబ్రవరి, 2024 జులై, 2025 ఫిబ్రవరి, మూడూ 0.1 దగ్గరే. సగటు 1.3 శాతం, 25,000 మీద 330 పాయింట్లు. దీన్ని మామూలు రోజుల 302తో మళ్లీ వర్గాలు చేసి కలిపితే 447. నా లెక్కలో 507కి 60 ఎక్కువ పెడుతున్నారు. 447 కంటే తక్కువకొస్తే ఆలోచిస్తా.

పుట్‌కాల్_పద్మ:
ముగింపులే ఎందుకు? 2024 జులైలో మధ్యాహ్నం 24,074 దాకా పడి, చివరికి 30 పాయింట్ల నష్టంతో ముగిసింది. మధ్యలో అమ్ముకున్నవాడికి 400 పైన దొరికింది కదా.

లెక్కల_మాస్టారు:
దొరికింది. సరిగ్గా ఆ అడుగున అమ్మగలిగితే. అది మీ చేతివాటం, సగటులో వేసుకోలేను.

బెజవాడ_బుల్:
ఏడు బడ్జెట్లతో సగటేంటి మాస్టారూ? అందులో 2021 ఒక్కటి తీసేయండి, సగటు 0.75 శాతానికి పడుతుంది. అప్పుడు మీ 447 కాస్తా 356 అవుతుంది.

లెక్కల_మాస్టారు:
అవుతుంది. కానీ స్ట్రాడిల్ కొనేవాడు బతికేదే 2021 లాంటి రోజు మీద. దాన్ని తీసేస్తే కొనడానికి కారణమే లేదు. ఉంచితే ఒక్క రోజు మీద మొత్తం లెక్క ఆధారపడుతుంది. నేను ఉంచుతా, మీరు తీసేస్తారు.

బెజవాడ_బుల్:
అంటే 356కీ 447కీ మధ్య ఎక్కడో. 507కి మాత్రం ఇద్దరం కొనం.