అప్‌డేట్: 40 కార్ల పార్కింగ్ గీతలకు పట్టిన పెయింట్

నా ప్రశ్న: “అమలాపురంలో మా కల్యాణ మండపం ముందు 20 చొప్పున రెండు వరుసల్లో 40 కార్లకు గీతలు వేయాలి. ఎన్ని లీటర్ల పెయింట్ కావాలి?”

సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు. పక్కపక్క కార్లకు మధ్య గీత ఒక్కటేనన్న మాటే నా లెక్కను సరిచేసింది. నేను కారుకు రెండు చొప్పున 80 గీతలు వేసుకున్నాను, నిజానికి వరుసకు 21 చొప్పున 42 చాలు. అయిదు మీటర్ల గీతలు 42 అంటే 210 మీటర్లు, 10 సెంటీమీటర్ల వెడల్పుకు 21 చదరపు మీటర్లు.

డబ్బా మీద లీటరుకు 10 చదరపు మీటర్లని ఉన్నా, మా గరుకు కాంక్రీటు మీద మొదటి లీటరు సరిగ్గా పదో గీత చివర అయిపోయింది, అంటే లీటరుకు అయిదు చదరపు మీటర్లే. రెండు పూతలకు 8.4 లీటర్లని తేలింది. రెండో పూత కొంచెం తక్కువే తాగింది. మండపం కాలువ పక్కనే కాబట్టి చెమ్మకు పెయింట్ సరిగ్గా పట్టదేమోనని నేను పడ్డ భయం అనవసరమైంది.