ఒక తప్పు అంకె పేజీలోకి వెళ్ళిపోయింది, ఆరు మంచి అంకెలు ఆగిపోయాయి

పాలలెక్క
నమస్తే అండీ. మాది చిన్న డెయిరీ, 38 పాల సేకరణ కేంద్రాలు. ఉదయం పూట లెక్క ఒక్కో కేంద్రం నుంచి ఫైలుగా వస్తుంది. పదిన్నరకి పైథాన్ స్క్రిప్టు తనంతట తానే నడిచి, మొత్తాలు కట్టి, రిపోర్టు పేజీలో పెట్టేస్తుంది. ఆ పేజీ చూసే ట్యాంకర్లు ఎటు పంపాలో నిర్ణయిస్తారు.

తప్పు అంకెలు వెళ్ళకుండా ఒక తనిఖీ పెట్టాను. ఏడు రోజుల సగటు తీసి, ఈ రోజు మొత్తం సగటు మీద 3 సిగ్మాలు దాటితే ఆపమన్నాను. సగటులో సగానికి తగ్గినా ఆపమన్నాను.

పోయిన నెల ఒక కేంద్రం ఫైల్లో దశాంశ బిందువు ఎగిరిపోయింది. 8.5 లీటర్లు కాస్తా 85 అయింది. అక్కడ ఉదయం పూట మామూలుగా 400 లీటర్లు ఉంటుంది, ఆ రోజు 4200 అని వచ్చింది. తనిఖీ ఏమీ అనలేదు, పేజీలోకి వెళ్ళిపోయింది. ఫోన్లు వచ్చాక పేజీలో చేత్తో దిద్దాను.

అసలు వింత ఆ తర్వాత మొదలైంది. మర్నాటి నుంచి వరసగా ఆరు రోజులు అదే కేంద్రం మంచి అంకెలన్నీ ఆగిపోయాయి. 405 వచ్చినా ఆపింది, 410 వచ్చినా ఆపింది. ఏడో రోజు దానంతట అదే బాగైపోయింది. పది రెట్లు తప్పుని వదిలేసి మంచివాటిని పట్టుకోవడమేంటో అర్థం కాలేదు. తప్పు రోజుతో కలిపి ఆ వారం అంకెలు ఇవి: 410, 390, 400, 430, 380, 420, 4200.

శ్రావణి_ఎక్సెల్
3 సిగ్మా మరీ వదులు అండీ. 2 పెట్టేయండి, పట్టేస్తుంది. మా ఆఫీసులో అంతే చేశాం.

కిరాణా బాబు
ఇది వీకెండ్ సమస్య బ్రదర్. మా సూపర్ మార్కెట్లోనూ ఇంతే, ప్రతి ఆదివారం అలారం మోగేది. ఏడు రోజుల సగటుతో ఆదివారాన్ని పోలిస్తే ఎప్పుడూ ఎక్కువే కదా. పోయిన ఎనిమిది ఆదివారాలతో పోల్చడం మొదలుపెట్టాక ప్రశాంతంగా ఉంది.

సరిలెక్క
బాబు గారూ, మీ షాపుకి అది సరైన మందే. కానీ గేదెకి ఆదివారం లేదు కదా :) పాల లెక్కలో వారం రోజుల తేడా పెద్దగా ఉండదు. ఇక్కడ జబ్బు వేరు.

పాలలెక్క గారూ, మీ కోడ్ చూడకుండానే ఒక మాట అడుగుతాను. ఆ ఏడు రోజుల్లో ఈ రోజు కూడా ఉందా? `rolling(7)` అని నేరుగా రాస్తే ఉంటుంది.

పాలలెక్క
ఉందండీ. `rolling(7).mean()`, `rolling(7).std()`. అదేమైనా తప్పా?

సరిలెక్క
అదే అసలు తప్పు. కొత్తగా వచ్చినవాణ్ణి నిలదీయడానికి కూర్చోబెట్టిన పంచాయతీలో వాణ్ణే ఒక పెద్దమనిషిగా కూర్చోబెట్టారు.

మీ అంకెలతోనే చేద్దాం. 4200తో కలిపి ఏడింటి సగటు 947. సిగ్మా దాదాపు 1434 వస్తుంది, ఎందుకంటే ఆ 4200 సగటునే కాదు, సిగ్మానీ తనతో పాటు లాక్కుపోయింది. ఇప్పుడు 4200లోంచి 947 తీసి 1434తో భాగిస్తే 2.27. మూడు దాటలేదు, అందుకే వదిలేసింది.

ఇంకా తమాషా ఏమిటంటే 4200 బదులు 42 లక్షలు వచ్చినా అంతే. ఏడు విలువల గుంపులో ఒకటి ఎంత పెద్దదైనా, ఆ గుంపు సగటు నుంచి 2.27 సిగ్మాలు దాటి పోలేదు. 6ని ఏడు వర్గమూలంతో భాగిస్తే వచ్చే అంకె అది, అదే గరిష్ఠం. అంటే మీ 3 సిగ్మా తనిఖీ పెట్టిన రోజు నుంచి ఒక్కసారి కూడా మోగే అవకాశమే లేదు. ఈ రోజుని కలుపుకుంటూ 3 దాటాలంటే కనీసం 11 రోజులుండాలి.

శ్రావణి గారూ, 2 పెడితే ఆ 4200 దొరికేది, నిజమే. కానీ 4200 బదులు 500 వేసి చూడండి. ఎండాకాలం పోయాక గేదెలు ఈని పాలు పెరిగితే 500 రావచ్చు, అది మంచి అంకె. దానికి వచ్చే స్కోరు 2.05. మంచి 500కి 2.05, పది రెట్ల తప్పుకి 2.27. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీస్తారు?

శ్రావణి_ఎక్సెల్
అమ్మో. ఇప్పుడే ఎక్సెల్లో వేసి చూశాను, నిజంగానే 2.05. మాది 12 నెలల విండో కాబట్టి ఎలాగోలా నడుస్తోందన్నమాట.

సరిలెక్క
ఇక ఆ ఆరు రోజుల సంగతి. మీరు పేజీలో దిద్దారు, హిస్టరీ టేబుల్లో దిద్దలేదు, అవునా? మర్నాడు 405 వచ్చింది. వెనక ఆరు రోజుల్లో ఇంకా 4200 కూర్చుని ఉంది కాబట్టి సగటు 946, అందులో సగం 473. పాపం 405 తక్కువైపోయింది. ఆ 4200 విండోలోంచి జారిపోయే దాకా, అంటే సరిగ్గా ఆరు రోజులు, మంచివాటిని పట్టుకుంది. రెండు వింతలకీ దొంగ ఒకడే.

నేనైతే ఇలా రాస్తాను, ఒక్కో కేంద్రానికి విడివిడిగా:

```python
clean = s.where(~held)
base = clean.shift(1).rolling(14, min_periods=10).median()
hold = (s > 1.6 * base) | (s < 0.6 * base)
```

`shift(1)` వల్ల ఈ రోజు పక్కకి తప్పుకుంటుంది. `held` అంటే మనిషి చూసి "ఇది తప్పు" అని గుర్తు పెట్టిన రోజులు, అవి లెక్కలోకి రావు. సగటు బదులు మీడియన్ ఎందుకంటే, పొరపాటున ఒక తప్పు లోపల మిగిలిపోయినా అది కదలదు. మీ ఏడు అంకెలకి, 4200తో సహా, మీడియన్ 410. 1.6, 0.6 అన్నవి వేదవాక్కులు కావు, మీ పాత మూడు నెలల డేటా మీద నడిపి రోజుకి ఎన్ని ఆగుతున్నాయో చూసి మార్చుకోండి.

పాలలెక్క
హిస్టరీ దిద్దలేదండీ. అక్కడే దెబ్బతిన్నాను.

బీఎంసీ సూపర్వైజర్
నాకు ఈ సిగ్మాలు తెలియవు గానీ పదిహేనేళ్ళు పాల రూట్లో తిరిగాను. ఆ కేంద్రంలో ఎన్ని క్యాన్లున్నాయి? 40 లీటర్ల క్యాన్లు 14 ఉంటే 560. ఆ పైన ఒక్క లీటరు పోయడానికి చోటు లేదు. 4200 లీటర్లు ఎక్కడ పోశారంట, బావిలోనా? ముందు క్యాన్ల లెక్క పెట్టండి, తర్వాత మీ సగటులు.

ఇంకోటి. సంక్రాంతి రోజు ప్రతి ఇంట్లో పరమాన్నం, పొంగలి. పాలు ఇంట్లోనే ఆపుకుంటారు. కేంద్రాలన్నీ ఒకేసారి పడిపోతాయి. ఆ రోజు మీ మెషీన్ 38 కేంద్రాల్నీ ఆపేస్తే మీ ట్యాంకర్లు ఎటు పోతాయి?

సరిలెక్క
సూపర్వైజర్ గారూ, మీ క్యాన్ల లెక్క నా మూడు లైన్ల కంటే గట్టిది. దాన్ని ముందు పెట్టాలి, అది దాటితే ఇక సగటు చూడక్కర్లేదు.

పండగ సంగతికి నేను చేసేది ఇది. ప్రతి కేంద్రానికీ ఈ రోజు మొత్తం తన మీడియన్‌కి ఎన్ని వంతులో చూసి, అదే రూట్లోని కేంద్రాలన్నిటి నిష్పత్తుల మీడియన్ తీస్తాను. రూట్ మొత్తం 0.55కి పడిపోయి, ఈ కేంద్రం కూడా 0.55 ఉంటే అది పండగో, తుపానో, బందో. వదిలేయొచ్చు. రూట్ అంతా 1.0 దగ్గర ఉండి ఇదొక్కటే 0.55 ఉంటే ఆపాలి. తిరగేసి చూసినా పనికొస్తుంది. రూట్ అంతా పడిపోయి ఒక్క కేంద్రం మాత్రం 1.0 దగ్గర నిలబడి ఉంటే నాకు దాని మీదే అనుమానం, నిన్నటి ఫైలే మళ్ళీ పంపారేమోనని.

కిరాణా బాబు
పండగంటే గుర్తొచ్చింది. 2025లో దసరా, గాంధీ జయంతి ఒకే రోజు పడ్డాయి. హైదరాబాద్‌లో మా చికెన్ కౌంటర్ లెక్క ముందు రోజు ఆకాశానికి, ఆ రోజు సున్నాకి. పోయిన ఏడాది అదే తేదీతో పోల్చేవాళ్ళకి చుక్కలు కనిపించాయి. దసరా తిథి ప్రకారం వస్తుంది, తేదీ ప్రకారం కాదు కదా.

రాత్రి డ్యూటీ
నేను కోవిడ్ టైమ్‌లో రాష్ట్రాల అంకెలు పోగేసే ఒక టీమ్‌లో ఉండేవాణ్ణి. 2021 జూన్ 9న బిహార్ పాత మరణాలు 3,951 ఒకేసారి కలిపింది. దాంతో మర్నాటి దేశం మొత్తం 6,148. మా తనిఖీ ఆపింది, సరిగ్గానే ఆపింది. కానీ అది తప్పు అంకె కాదు. అలాగని ఆ ఒక్క రోజుదీ కాదు. అంకెని ఉన్నదున్నట్టు ఉంచి, పక్కన నోట్ పెట్టి, ఏడు రోజుల సగటులోకి మాత్రం దాన్ని రానివ్వలేదు.

కాబట్టి పాలలెక్క గారూ, మీ `held`లో "తప్పు" ఒకటే సరిపోదు. "నిజమే, కానీ సగటులో కలపొద్దు" అన్నది కూడా ఉండాలి. "నిజమే, ఇక నుంచి ఇంతే" అన్నది మూడోది. పక్క ఊళ్ళో ఇంకో డెయిరీ మూతపడి, అక్కడ పోసేవాళ్ళంతా మీ దగ్గరికొచ్చి 400 కాస్తా 700 అయిందనుకోండి. ఆపినవాటిని ఎప్పుడూ బేస్‌లోకి రానివ్వకపోతే ఆ 700 ఏళ్ళ తరబడి ఆగుతూనే ఉంటుంది.

పాలలెక్క
అందరికీ ధన్యవాదాలు. 90 రోజుల డేటా మీద నడిపాను. దశాంశం తప్పు వెంటనే దొరికింది. క్యాన్ల పరిమితి పెట్టాక అసలు మీడియన్ దాకా రానేలేదు. కానీ మా చిన్న కేంద్రాలు నాలుగున్నాయి, పూటకి 18, 20 లీటర్లు వచ్చేవి. ఇద్దరు రైతులు పెళ్ళికెళ్తే చాలు, సగం అయిపోతుంది. రోజూ అవే ఆగుతున్నాయి.

సరిలెక్క
నిష్పత్తితో పాటు లీటర్ల తేడా కూడా అడగండి. 60 లీటర్లకి మించి తేడా ఉంటేనే ఆపు అని. 18 కాస్తా 9 అయితే ఏ ట్యాంకరూ దారి మార్చుకోదు. 18 కాస్తా 180 అయితే తేడా 162, అప్పుడు ఆగుతుంది.

పాలలెక్క
అది బాగుంది. ఇంకో డౌట్. ఆపిన కేంద్రం గడిలో ఏం చూపించాలి? ఇప్పుడు నిన్నటి అంకె పెడుతున్నాను.

రాత్రి డ్యూటీ
ఖాళీగా వదిలి "సరిచూస్తున్నాం" అని పెట్టండి. నిన్నటి అంకె పెడితే అది ఈ రోజుదే అనుకుంటారు.

బీఎంసీ సూపర్వైజర్
ఖాళీ పెడితే డ్రైవర్ ఆ ఊరు వెళ్ళడు. పాలు విరిగిపోతాయి. నిన్నటిదే పెట్టండి, ఎర్ర రంగులో.

రాత్రి డ్యూటీ
ఫోన్లో చూసేవాళ్ళకి, ప్రింట్ తీసుకునేవాళ్ళకి ఎరుపు కనపడదు సార్. అదే అంకె నెలాఖరు బిల్లులోకి వెళ్తే?

పాలలెక్క
మా దగ్గర బిల్లు వేరే టేబుల్ నుంచి వెళ్తుంది. అయినా రెండూ రిస్కే అనిపిస్తోంది. ప్రస్తుతానికి ట్యాంకర్ పేజీలో నిన్నటి అంకె, దాని ముందు "నిన్న" అన్న మాట, మిగతా పేజీల్లో ఖాళీ. పదిన్నర రన్ నేరుగా పేజీకి రాయకుండా ముందు పక్క టేబుల్‌కి రాసేలా మార్చాను. పదకొండు లోపు ఆగినవాటి కేంద్రాలకి ఫోన్ చేస్తాం. ఈ రోజు రెండు ఆగాయి. ఒకటి ఫైలు రెండుసార్లు వచ్చింది. రెండోది ఇంకా తెలియలేదు, సెక్రటరీ ఫోన్ ఎత్తడం లేదు.