మూడు చీటీలు, మూడు మిర్చి రేట్లు: ఎక్సెల్‌ల ఒక్క జవాబే వస్తుంది

హన్మకొండ పచ్చళ్లు
నేను, మా పెద్దమ్మ, పక్కింటామె కలిసి ఎనుమాముల దిక్కు ఒకే షావుకారు దగ్గర, ఒకే పొద్దున మిర్చి తెచ్చుకున్నం. తేజ, వండర్ హాట్, చపాటా. చీటీల మీద కిలోలు రాసిండు, కింద మొత్తం వేసిండు, రేటు మాత్రం రాయలేదు. పచ్చడి ధర కట్టాలంటే నాకు ఏ రకం ఎంత పడిందో కావాలె. మా బాబు చెప్పినట్టు ఎక్సెల్‌ల పెట్టిన. A, B, Cల కిలోలు, Eల రూపాయలు:

```
4  2  1   1460
2  3  2   1540
1  1  3   1300
```

G2ల ఇది కొట్టిన:

```
=MMULT(MINVERSE(A2:C4),E2:E4)
```

201.05 అని ఒక్కటే వచ్చింది. కిందికి గుంజితే రెండు గళ్లల్ల #VALUE! పడ్డది. పాత ఎక్సెల్, 2010ది. మిగిలిన రెండు రేట్లు ఎట్ల తెచ్చుకోవాలె?

జమ్మికుంట కంప్యూటర్స్
అక్కా, గుంజినప్పుడు రేంజ్ కిందికి జరిగింది. A3:C5 అయింది, అయిదో వరుస ఖాళీ. ఖాళీ గడి ఉంటే MINVERSE ఒప్పుకోదు. డాలర్ గుర్తులు పెట్టి గుంజుండ్రి, అయిపాయె:

```
=MMULT(MINVERSE($A$2:$C$4),$E$2:$E$4)
```

హన్మకొండ పచ్చళ్లు
పెట్టిన తమ్మీ. ఇప్పుడు మూడు గళ్లల్ల 201.05. చపాటా, తేజ ఒకే రేటుకు ఇచ్చే షావుకారుంటే నాక్కూడ చెప్పు.

కాజీపేట లెక్కల సారు
#VALUE! ఎందుకొచ్చిందో జమ్మికుంట తమ్ముడు సరిగ్గానే పట్టుకున్నాడు, మందు మాత్రం అది కాదు. ఈ ఫార్ములా ఇచ్చేది ఒక సంఖ్య కాదు, నిలువుగా మూడు సంఖ్యలు. ఒక్క గడిలో కొడితే పై సంఖ్య ఒక్కటే కనిపిస్తుంది. డాలర్లు పెట్టి గుంజితే ఆ పై సంఖ్యే మళ్లీ మళ్లీ వస్తుంది.

అమ్మా, ఇట్లా చేయండి. G2, G3, G4లో ఉన్నది తుడిచేసి మూడు గళ్లూ కలిపి ఎంచుకోండి. అట్లా ఎంచుకునే ఉండి, మీరు మొదట రాసిన ఫార్ములానే కొట్టండి. తర్వాత ఉత్త ఎంటర్ కాదు, కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ నొక్కండి. ఫార్ములా చుట్టూ మీసాల బ్రాకెట్లు వాటంతటవే వస్తాయి. వాటిని మీరు టైపు చేయొద్దు, చేస్తే అది ఫార్ములా కాదు, ఉత్త రాత అవుతుంది. తర్వాత తుడవాలన్నా మూడు గళ్లూ కలిపే తుడవాలి, ఒక్కదాన్ని ముట్టనివ్వదు.

ఫోన్లోనే అన్నీ
నాకు 365ల ఏం నొక్కకుండనే మూడు కిందికి వచ్చినయ్. కింద గళ్లు ఖాళీ లేకుంటే #SPILL! అంటది, అంతే. కానీ ఒక డౌట్. MMULT ఎందుకు, నక్షత్రం గుర్తుతోటి గుణిస్తే కాదా? నేను `=MINVERSE(A2:C4)*E2:E4` కొడితే తొమ్మిది సంఖ్యలు పడ్డయ్, మొదటిది 537.89.

కాజీపేట లెక్కల సారు
కాదు. నక్షత్రం ఏ గడికి ఆ గడిని గుణించి ఊరుకుంటుంది. మనకు కావాల్సింది ఒక అడ్డ వరుసను నిలువు వరుసతో జతజతగా గుణించి కూడటం, అది MMULT పని. తప్పు మార్గంలోనూ ఎర్రర్ రాకుండా సంఖ్యలు పడతాయి, అదే ప్రమాదం. తారుమారు చేసి రూపాయలు ముందు, MINVERSE తర్వాత పెడితే మాత్రం #VALUE! అని మొహం మీదే చెబుతుంది.

నర్సంపేట పత్తి
నాది కూడ గిదే లెక్క సార్. ఎకరానికి నత్రజని 55, భాస్వరం 23, పొటాష్ 30 కిలోలు పడాలె అనుకున్న. యూరియాల 46 శాతం నత్రజని, డీఏపీల 18 నత్రజని, 46 భాస్వరం, ఎర్ర పొటాష్‌ల 60. ఎన్ని బస్తాలు? నాక్కూడ MINVERSE రాసియ్యున్రి.

కాజీపేట లెక్కల సారు
మీ ప్రశ్న వేరే అన్నా. రాసిస్తే పని చేస్తుంది, కానీ మీ పట్టికలో సగం సున్నాలే. భాస్వరం డీఏపీలోనే ఉంది, కనుక 23 కిలోలకు డీఏపీ 50 కిలోలు, ఒక బస్తా. అందులోంచి 9 కిలోల నత్రజని వచ్చింది. మిగిలిన 46కు యూరియా 100 కిలోలు. పొటాష్ 50. యూరియా బస్తా ఇప్పుడు 45 కిలోలే, రెండు బస్తాలు తెస్తే పది కిలోలు తక్కువ పడతాయి.

హన్మకొండ పచ్చళ్లు
సారూ, మీరు చెప్పినట్టు మూడూ వచ్చినయ్. కానీ ఇవేం రేట్లు? 201.05, 173.68, 308.42. మిర్చికి పైసల్లో రేటు చెప్పేటోన్ని నేనైతే చూడలే.

జమ్మికుంట కంప్యూటర్స్
అది ఎక్సెల్ దశాంశాల గోల అక్కా. ROUND పెట్టుండ్రి, 201, 174, 308 వస్తది.

కాజీపేట లెక్కల సారు
తొందరపడి ROUND పెట్టొద్దు. ఎక్సెల్ తేడా అయితే పదిహేనో అంకె దగ్గర ఉంటుంది, ఇట్లా పైసల్లో కాదు. ముందు సరి చూసుకోండి. వచ్చిన రేట్లను కిలోలతో MMULT చేస్తే 1460, 1540, 1300 తిరిగి వస్తున్నాయి. అంటే లెక్క సరే, మనం ఇచ్చిన సంఖ్యల్లోనే ఏదో ఉంది.

ఇప్పుడు MINVERSEను ఒక్కదాన్నే వేరే చోట, మూడు అడ్డం మూడు నిలువు తొమ్మిది గళ్లు ఎంచుకుని, అదే మూడు మీటలతో తీయండి. ప్రతి సంఖ్యనూ 19తో గుణిస్తే ఇట్లా కనిపిస్తుంది (MDETERM ఇక్కడ 19):

```
 7  -5   1
-4  11  -6
-1  -2   8
```

ఇందులో ఒక్కో నిలువు వరుస ఒక్కో చీటీది. మూడో చీటీలో ఒక రూపాయి ఎక్కువ పడితే తేజ 1/19 పెరుగుతుంది, వండర్ హాట్ 6/19 తగ్గుతుంది, చపాటా 8/19 పెరుగుతుంది. మీకొచ్చిన పైసలు చూడండి: .05 అంటే 1/19, .42 అంటే 8/19, .68 అంటే 13/19, అంటే పై రూపాయికి 6/19 తక్కువ. మూడో నిలువు వరుసతో అచ్చంగా కలిసింది. నా అనుమానం పక్కింటామె చీటీ మీదే. 1300లో సంచికో హమాలీకో 20 కలిసి ఉండొచ్చు. E4లో 1280 వేసి చూడండి.

హన్మకొండ పచ్చళ్లు
200, 180, 300! అబ్బ, గుండ్రంగ వచ్చినయ్.

ఫోన్లోనే అన్నీ
సార్, 1299 వేసినా 201, 174, 308 గుండ్రంగనే వస్తున్నయ్.

కాజీపేట లెక్కల సారు
మంచి మాట పట్టావు. 19 రూపాయల తేడాకొకసారి మళ్లీ పూర్ణాంకాలే వస్తాయి. 1299 అనుకున్నా కుదురుతుంది. నేను 20 అన్నది సంచి ఖర్చు ఊహించి, 180 లాంటి రేటు షావుకారు నోటికి దగ్గరని. అది లెక్క కాదు, అంచనా.

మట్టెవాడ కిరాణం
నేను గిట్లనే చేస్తే #NUM! అని వచ్చింది. మా రెండో చీటీల కిలోలు మొదటిదానికి సరిగ్గ రెట్టింపు. దానికి వేరే ఫార్ములా ఏమన్న ఉందా?

కాజీపేట లెక్కల సారు
ఏ ఫార్ములా లేదు. రెట్టింపు చీటీ కొత్త సంగతి ఏమీ చెప్పలేదు, మూడు తెలియనివాటికి మీ దగ్గర ఉన్నవి రెండు చీటీలే. నయం, #NUM! వచ్చింది. సరిగ్గా రెట్టింపు కాక దాదాపు రెట్టింపు అయితే ఎర్రర్ రాదు. ఒక చీటీలో 10, 5 కిలోలు, ఇంకో చీటీలో 20, 10.1 ఉన్నాయనుకోండి. మొదటి మొత్తంలో ఒక్క రూపాయి తప్పుపడితే రెండో రకం రేటు 20 రూపాయలు దొర్లిపోతుంది. MINVERSE తీస్తే ఆ 20 అక్కడే కనిపిస్తుంది. రేటు నమ్మే ముందు ఆ సంఖ్యలను ఒకసారి చూడండి.

జమ్మికుంట కంప్యూటర్స్
MDETERM చిన్నగుంటే చాలదా సార్, తెలుసుకోడానికి?

కాజీపేట లెక్కల సారు
చాలదు. ఆమె కిలోలను గ్రాముల్లో రాస్తే ఆ 19 కాస్తా వెయ్యి కోట్లు దాటుతుంది. చీటీలు అవే కదా.

హన్మకొండ పచ్చళ్లు
పక్కింటామెను అడుగుదామని పోయిన. బిడ్డ దగ్గరికి జనగామ పోయిందట, చీటీ ఆమె సంచిలనే ఉందట. ఎల్లుండి వస్తది. అప్పటిదాక పచ్చడి ధర చెప్పుమన్నోళ్లకు ఏం చెప్పాలె?

నర్సంపేట పత్తి
308 లెక్కనే చెప్పక్కా, తగ్గితే వాళ్లు సంతోషపడ్తరు.