అప్‌డేట్: ఎడిటర్‌కి కవర్ లెటర్ పంపేశాను

నా ప్రశ్న: మతం, జెండర్ మీద రాసిన వ్యాసంతో పాటు జర్నల్ ఎడిటర్‌కి పంపే కవర్ లెటర్‌లో ఏం రాయాలి?

పేజీన్నర ఉత్తరం అరపేజీ అయింది. వ్యాస సారాంశాన్నే మళ్ళీ రాశానని మీరు చెప్పాకే తెలిసింది. ఇప్పుడు వాదన ఒక్కటే వాక్యం: విశాఖ బురుజుపేట కనకమహాలక్ష్మికి ఆడవాళ్ళు తమ చేతులతోనే పూజ చేసుకుంటారు, కానీ మొక్కు ఇంటివాళ్ళ కోసమైనప్పుడు దాన్ని ఉత్త స్వేచ్ఛ అనలేం.

ఇది నా థీసిస్‌లో ఒక అధ్యాయమనీ, వేరే జర్నల్‌కి పంపలేదనీ కూడా రాశాను. థీసిస్ సంగతి దాస్తే పోలికలు చూసే సాఫ్ట్‌వేర్ పట్టించొచ్చు.

అసలు టెన్షన్ చివర్లో. రివ్యూయర్లకి రచయిత ఎవరో తెలియకూడదు కాబట్టి పేరు, యూనివర్సిటీ ఉత్తరంలోనే ఉంచాను. తీరా చూస్తే వ్యాసంలో "నా థీసిస్‌లో చెప్పినట్టు" అని ఉంది! ఫైల్ ప్రాపర్టీస్‌లోనూ నా పేరే. రెండూ తీసేసి పంపాను.