ఆరు జట్లు, రెండు గ్రౌండ్లు, ఒకే రోజు: పూర్తి లీగా, పూల్సా?

విజిల్ మాస్టారు:
అండర్-14 ఫుట్‌బాల్, ఆరు జట్లు. రెండు గ్రౌండ్లు, ఇద్దరు రిఫరీలు, ఒక్కటే రోజు. మ్యాచ్‌కి 40 నిమిషాల స్లాట్ పెట్టాను: 15+15 ఆట, మిగతాది విరామానికి, జట్లు మారడానికి. భోజనానికి ముందు ఐదు స్లాట్లు, తర్వాత నాలుగు. ప్రతి జట్టూ మిగతా ఐదింటితోనూ ఆడాలి. ఏ జట్టూ వరసగా రెండు స్లాట్లలో ఆడకూడదు, భోజన విరామం దాటి ఆడితే పర్వాలేదు. 18 చోట్లున్నాయి, మ్యాచ్‌లు 15. అయినా ఎందుకు కుదరడం లేదు? పూల్స్ పెట్టెయ్యమంటున్నారు, నాకు మనసొప్పడం లేదు.

కార్నర్ కిక్:
ఇందులో అంత ఆలోచించాల్సింది లేదు సార్. ఒక జట్టును కదపకుండా ఉంచి మిగతా ఐదింటినీ గుండ్రంగా తిప్పండి. ఐదు రౌండ్లు వస్తాయి, రౌండుకి మూడు మ్యాచ్‌లు. ఏ జోడీ రెండోసారి రాదు. వాటిని వరసగా స్లాట్లలో వేసుకుంటూ పోతే ఎనిమిది స్లాట్లలో అయిపోతుంది.

లెక్కల టీచర్:
కార్నర్ కిక్ గారూ, జోడీలు తప్పకుండా రావడానికి మీ పద్ధతి సరైనదే. కానీ అది విశ్రాంతి సంగతి చూడదు. ఒక రౌండు చివర ఆడిన జట్టే తర్వాతి రౌండు మొదట్లో దిగుతుంది. ఆ అతుకు దగ్గరే పిల్లలు నలిగిపోతారు.

మాస్టారూ, మీరు చోట్లు లెక్కపెట్టారు, జట్లను లెక్కపెట్టండి. ఒక స్లాట్‌లో రెండు గ్రౌండ్లూ నిండాయంటే నాలుగు జట్లు ఆడినట్టు. తర్వాతి స్లాట్‌లో ఆ నాలుగూ కూర్చోవాలి. మిగిలేది రెండు జట్లు, అంటే ఒక్క మ్యాచ్. కాబట్టి పక్కపక్కనున్న ఏ రెండు స్లాట్లలోనైనా మూడు మ్యాచ్‌లకు మించి పట్టవు. పొద్దున ఐదు స్లాట్లలో మహా అయితే 3+3+2, ఎనిమిది. మధ్యాహ్నం నాలుగింటిలో ఆరు. మొత్తం 14. పదిహేనోదానికి చోటు లేదు.

నిజానికి పొద్దున ఆ ఎనిమిది కూడా రావు. ఎనిమిది రావాలంటే స్లాట్లు 2, 1, 2, 1, 2 గా నిండాలి. మొదటి స్లాట్‌లో ఎ, బి, సి, డి ఆడితే రెండోదాంట్లో ఇ-ఎఫ్ ఆడాలి. మూడోదాంట్లో మళ్ళీ ఆ నాలుగే, నాలుగోదాంట్లో మళ్ళీ ఇ-ఎఫ్. ఒకే మ్యాచ్ రెండుసార్లు పెట్టలేం కదా. మీకు కొరత గ్రౌండ్లది కాదు, విశ్రాంతిలో లేని జట్లది.

సీనియర్ పీఈటీ:
అందుకే పూల్స్ అనేది. మూడేసి జట్లతో రెండు పూల్స్ పెట్టండి. ఒకే గ్రౌండ్ మీద ఒక మ్యాచ్ ఈ పూల్‌ది, ఒక మ్యాచ్ ఆ పూల్‌ది మార్చి మార్చి వేస్తే ఆరు స్లాట్లలో లీగ్ దశ అయిపోతుంది, ఎవరికీ వరస మ్యాచ్ రాదు. తర్వాత రెండు సెమీస్, ఫైనల్. రెండో గ్రౌండ్ వార్మప్‌కి వదిలెయ్యండి. పదమూడేళ్ళ పిల్లలతో ఒక్క రోజులో ఐదు మ్యాచ్‌లు ఆడించడం నాకు అసలే నచ్చదు. ఐదు మ్యాచ్‌లంటే 150 నిమిషాల ఆట.

లెక్కల టీచర్:
పూల్‌లో ఓడిన రెండు జట్లూ రెండేసి మ్యాచ్‌లతో ఇంటికెళ్తాయి సార్. పొద్దున్నే బస్సెక్కి వచ్చిన పిల్లలకు 60 నిమిషాల ఆట. నాకు ఆ బాధే ఎక్కువ.

నెట్ దగ్గర:
మాది వాలీబాల్, నాలుగు జట్లు, ఒకే కోర్టు. నేనూ ఇలాగే పేపర్లు చింపాను. మాకైనా కుదురుతుందా?

లెక్కల టీచర్:
నాలుగు జట్లకు ఒక కోర్టు మీద కుదరదు. ఎ-బి తర్వాత సి-డి మాత్రమే పెట్టగలం. దాని తర్వాత మళ్ళీ ఎ-బి తప్ప వేరే దారి లేదు. అదే ఐదు జట్లుంటే కుదురుతుంది. ఎబి, సిడి, ఎఇ, బిసి, డిఇ, ఎసి, బిఇ, ఎడి, సిఇ, బిడి. ఈ పదింటిలో పక్కపక్క మ్యాచ్‌లు రెంటిలో ఒకే జట్టు ఎక్కడైనా వచ్చిందేమో చూడండి. మీరు మ్యాచ్‌ల మధ్య పావుగంట ఖాళీ పెట్టుకోవడమే మార్గం.

ఇక మాస్టారి సంగతి. నియమాన్ని కొద్దిగా సడలిస్తే పూర్తి లీగ్ పడుతుంది:

1: ఎ-బి, సి-డి
2: ఇ-ఎఫ్
3: ఎ-సి, బి-డి
4: సి-ఇ
5: ఎ-డి, బి-ఎఫ్
(భోజనం)
6: ఎ-ఇ, డి-ఎఫ్
7: బి-సి
8: ఎ-ఎఫ్, డి-ఇ
9: బి-ఇ, సి-ఎఫ్

సి కి 3, 4 స్లాట్లలో వరసగా వస్తుంది. ఇ, ఎఫ్‌లకు 8, 9లో. ఆ మూడు జట్లకూ ఒక్కోసారి, అంతే. ఎ, బి, డి లకు అసలు రాదు. ఎవరికీ మూడు వరసగా లేవు. ఇంతకంటే తగ్గించగలిగితే ఎవరైనా చెప్పండి.

గోల్‌కీపర్ వాళ్ళమ్మ:
మా వాడిది ఇ జట్టు అనుకోండి. పొద్దుటి నుంచి ఆడి ఆడి, చివరి మ్యాచ్‌కి ఊపిరి తీసుకోకుండా దిగుతాడు. ఎదురుగా బి జట్టు 7 తర్వాత ఒక స్లాట్ కూర్చుని వస్తుంది. కప్పు తేలే మ్యాచ్‌లోనే ఇలా ఎందుకండీ?

లెక్కల టీచర్:
అమ్మా, మీరన్నది న్యాయం. మధ్యాహ్నం నాలుగు స్లాట్లనూ తిరగేద్దాం. 6లో బి-ఇ, సి-ఎఫ్. 7లో ఎ-ఎఫ్, డి-ఇ. 8లో బి-సి. 9లో ఎ-ఇ, డి-ఎఫ్. ఇప్పుడు ఇ, ఎఫ్‌ల వరస మ్యాచ్‌లు భోజనం, విశ్రాంతి అయిన వెంటనే వస్తాయి. చివరి స్లాట్‌లో ఆడే నాలుగు జట్లూ 7లో ఆడి 8లో కూర్చున్నవే, ఆ మ్యాచ్‌కి ముందు అందరికీ ఒకే విశ్రాంతి.

కార్నర్ కిక్:
చివరి రెండు మ్యాచ్‌లూ ఒకే సమయానికి రావడం కూడా మంచిదే. 1982 ప్రపంచకప్‌లో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా తమ గ్రూపులో మిగతా ఫలితాలన్నీ తెలిశాక ఆడాయి. 1-0 ఇద్దరికీ చాలు కాబట్టి గోల్ పడ్డాక బంతిని అటూ ఇటూ తన్నుకుంటూ గడిపేశాయి. 1986 నుంచి గ్రూపు చివరి మ్యాచ్‌లను ఒకేసారి పెడుతున్నారు.

విజిల్ మాస్టారు:
కానీ ఇక్కడ బి, సి లు 8లోనే ముగించేస్తాయి. వాళ్ళ పాయింట్లు చూసుకునే మిగతా నాలుగూ దిగుతాయి కదా?

లెక్కల టీచర్:
అవును, ఆరు జట్లూ ఒకేసారి దిగాలంటే మూడు గ్రౌండ్లు కావాలి. రెండు గ్రౌండ్లనూ అడ్డంగా సగానికి విడగొట్టి, ఏడుగురేసి ఆడిస్తే నాలుగు చిన్న గ్రౌండ్లొస్తాయి, మూడు వాడుకోవచ్చు. అప్పుడు ఐదు రౌండ్లు, ప్రతి రౌండు తర్వాత అందరికీ ఒకేసారి విశ్రాంతి. ఒక స్లాట్ ఆట, ఒక స్లాట్ ఖాళీ అనుకున్నా మీ తొమ్మిది స్లాట్లలోనే అయిపోతుంది. మూడో రిఫరీ ఒక్కరే కొరత.

సీనియర్ పీఈటీ:
పదకొండు మంది ఆటకు తయారైన జట్లను ఏడుగురితో ఆడమంటే కోచ్‌లు ఒప్పుకోరు. మిగతా పిల్లల్ని ఏం చేస్తారు? నేనైతే ఇప్పటికీ పూల్సే అంటాను.

విజిల్ మాస్టారు:
మూడో రిఫరీ దొరకడు. తిరగేసిన పట్టికతోనే వెళ్తాను. ఎ నుంచి ఎఫ్ వరకు అక్షరాలు కోచ్‌ల ముందే చీటీలు తీసి ఇస్తాను. సి, ఇ, ఎఫ్ తీసుకుంటే వరస మ్యాచ్ ఎక్కడ పడుతుందో చీటీ తీయకముందే చెప్పేస్తాను. ఆ మూడు జట్లకు అదనంగా ఇద్దరు సబ్‌స్టిట్యూట్లను అనుమతించాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు.

గోల్‌కీపర్ వాళ్ళమ్మ:
అనుమతించండి మాస్టారూ. కానీ ఆరు జట్లకూ ఇవ్వండి, లేకపోతే రేపు ఇంకో గొడవ.