ఇంటర్వ్యూలో ఈ చార్ట్‌కి ఏం చెప్పాల్సింది?

నిన్న బిజినెస్ ఇంటెలిజెన్స్ ఉద్యోగానికి రెండో రౌండ్ అయింది. ఒక బార్ చార్ట్ చూపించి తప్పేంటో చెప్పమన్నారు. కస్టమర్లలో నెలనెలా మనతో కొనసాగినవాళ్ల శాతం జనవరిలో 94, జూన్‌లో 96. కానీ అక్షం 93 దగ్గర మొదలవుతోంది కాబట్టి జూన్ బార్ మూడు రెట్లు ఎత్తుగా కనిపిస్తుంది. సున్నా నుంచి మొదలుపెట్టాలన్నాను.

వెంటనే ఇంటర్వ్యూ చేస్తున్న ఆవిడ, "అప్పుడు రెండు బార్లూ ఒకేలా ఉంటాయి. కానీ వదిలి వెళ్లేవాళ్లు 6 శాతం నుంచి 4కి తగ్గారు, అంటే మూడో వంతు. అది డైరెక్టర్లకి తెలియొద్దా?" అన్నారు. నిజంగా తడబడ్డాను.

ఇంటికొచ్చాక తట్టింది: వదిలి వెళ్లిన శాతాన్నే మెట్రిక్‌గా తీసుకుని సున్నా నుంచి గీస్తే తేడా కనిపిస్తుంది, బార్ ఎత్తూ అబద్ధం చెప్పదు. పక్కన మొత్తం కస్టమర్ల సంఖ్య కూడా ఇస్తాను. 50 మందిలో 3 బదులు 2 అయితే అది ఒక్క మనిషి తేడానే కదా!

అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. ఇలా మెట్రిక్‌ని తిప్పి చూపడం కూడా మేనేజ్‌మెంట్‌ని ఒకవైపు నెట్టడమే అవుతుందా? లేక లైన్ చార్ట్ గీసి, అక్షం ఎక్కడ మొదలైందో రాస్తే సరిపోతుందా? శుక్రవారం చివరి రౌండ్, మళ్లీ ఇదే అడుగుతారేమోనని టెన్షన్‌గా ఉంది.